స్టోర్స్ విభాగాన్ని జులై సరుకు వివరాలు అడగాలి: మెయిల్ ఎలా రాస్తే పనికొచ్చేవి వస్తాయి?

విశాఖ_ఖాతాలు · 6 ఆగస్టు 2025, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. విశాఖపట్నం దగ్గర ఇనుప సామగ్రి తయారుచేసే ఒక మధ్యతరహా కర్మాగారంలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసే ముందు స్టోర్స్ విభాగం నుంచి సరుకు అందిన వివరాలు మాకు కావాలి. పోర్టల్‌లో వచ్చే 2బి పట్టికలో సరఫరాదారులు ఎక్కించిన బిల్లులన్నీ కనిపిస్తాయి. కానీ ఆ బిల్లుల్లోని సరుకు మా గేటు లోపలికి వచ్చిందో లేదో స్టోర్స్ వారికే తెలుసు.

జూన్ నెలకు నేను పంపిన మెయిల్ ఇది:

> సార్, రిటర్ను కోసం జూన్ నెల స్టోర్స్ డేటా అర్జెంటుగా కావాలి. వీలైనంత త్వరగా పంపగలరు.

18వ తేదీ సాయంత్రం జవాబు వచ్చింది. ప్రింటు తీసి, స్కాన్ చేసిన పీడీఎఫ్. నలభైకి పైగా పేజీలు. అందులో సగం మాకు సంబంధం లేని నిల్వల పట్టికలు. కావలసిన వరుసలు వెతికి ఎక్సెల్‌లోకి చేత్తో ఎక్కించాల్సి వచ్చింది. స్టోర్స్ మేనేజరు గారు నాకంటే ఎంతో పెద్దవారు, మంచివారు కూడా. ఆయన కావాలని అలా చేశారని నేను అనుకోవడం లేదు.

ఈ నెల ఇబ్బంది ఇంకా ఎక్కువ. 14న, గురువారం, 2బి వస్తుంది. 15 శుక్రవారం స్వాతంత్ర్య దినం, 16 కృష్ణాష్టమి, 17 ఆదివారం. మూడు రోజులూ మాకు సెలవే. 20న రిటర్ను వేయాలి. ఎలా అడిగితే సరైన వివరాలు, సరైన రూపంలో, సమయానికి వస్తాయి?

---

గోదావరి_గట్టు · 6 ఆగస్టు, రాత్రి 9.48

తమ్ముడూ, ఇలాంటి చోట మెయిల్ ఎలా రాసినా ఒకటే. మీ మేనేజరు చేత వాళ్ల మేనేజరుకు ఫోను చేయించు, పని అయిపోతుంది. నేను రాజమహేంద్రవరంలో ఒక చిన్న పరిశ్రమకు లెక్కలు చూస్తున్నాను. ఎప్పుడూ ఇదే దారి.

ఇంకో మాట. బిల్లు 2బిలో కనిపిస్తే, కొన్నప్పుడు కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు కదా. సరఫరాదారు ఎక్కించాడు, పోర్టల్ చూపించింది. మళ్లీ స్టోర్స్ వారిని అడగడం ఎందుకు?

---

పద్దుపుస్తకం · 6 ఆగస్టు, రాత్రి 10.35

గోదావరి_గట్టు గారూ, మీరు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. బిల్లు 2బిలో ఉండాలన్నది ఒక షరతు. సరుకు మనకు అంది ఉండాలన్నది ఇంకో షరతు. రెండూ సీజీఎస్టీ చట్టం సెక్షన్ 16(2)లోనే పక్కపక్కన ఉన్నాయి. రెండింట్లో ఏది లేకపోయినా ఆ నెలకు క్రెడిట్ లేదు. నెలాఖరులో వేసిన బిల్లుల దగ్గరే ఇది తేడా కొడుతుంది. రాయ్‌పూర్‌లో జులై 30న బిల్లు వేసి లారీ బయలుదేరదీస్తారు, ఆ లారీ ఆగస్టు 2న మీ గేటు దగ్గర ఆగుతుంది. బిల్లు జులై 2బిలో ఉంటుంది, సరుకు ఆగస్టులో వస్తుంది. జులైలోనే క్రెడిట్ తీసుకుని వాడేసుకుంటే ఆ మొత్తం మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ కట్టాల్సి రావచ్చు.

ఫోను చేయించడం గురించి. ఫోనులో 'జులై డేటా పంపండి' అన్న మాట తప్ప మరేమీ అవతలికి చేరదు. పంపేది ఆ మేనేజరు కాదు, ఆయన కింద కంప్యూటర్ ముందు కూర్చునే స్టోర్‌కీపర్. ఏ వరుసలు కావాలో, దేనికి కావాలో ఆయన దాకా వెళ్లాలి. అందుకే రాతలో ఉండాలి.

విశాఖ_ఖాతాలు, నీ మెయిల్‌లో 'రిటర్ను కోసం' అన్నావు. స్టోర్స్‌లో ఉన్నవారికి రిటర్ను అంటే వెనక్కి పంపిన సరుకు. కారణం చెప్పానని నువ్వు అనుకున్నావు, అవతలివారికి అది కారణంగా అందలేదు.

---

నల్లగొండ_ఉద్యోగి · 7 ఆగస్టు, ఉదయం 6.55

కారణం చెప్పాల్సిన అవసరమే లేదండీ. సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 6(2) చూడండి, సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనక్కర్లేదని స్పష్టంగా ఉంది. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్లవచ్చు. మా కార్యాలయంలో ఇలాంటివి నేనే చూస్తాను.

---

పద్దుపుస్తకం · 7 ఆగస్టు, ఉదయం 8.20

నల్లగొండ_ఉద్యోగి గారూ, మీరు చెప్పిన సెక్షన్ సరైనదే. అయితే అది పౌరుడు ప్రభుత్వ సంస్థను అడిగే సందర్భానికి. ఇక్కడ అడిగేవారూ ఇచ్చేవారూ ఒకే ప్రైవేటు కర్మాగారంలో పక్కపక్క గదుల్లో ఉన్నారు. పైగా ఈ రిటర్నుకు ఆరు రోజులే గడువు. కారణం చెప్పకపోవడం ఇక్కడ హక్కు కాదు, అవతలివారి చేతులు కట్టేయడమే.

---

గిడ్డంగి_తాళం · 7 ఆగస్టు, మధ్యాహ్నం 1.30

స్టోర్స్ వైపు నుంచి మాట్లాడతాను. పటాన్‌చెరు ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఇదే పని.

'స్టోర్స్ డేటా' అని అడిగితే మా దగ్గర కనీసం నాలుగు రకాలు ఉన్నాయి. సరుకు వచ్చినవి, డిపార్టుమెంట్లకు ఇచ్చినవి, నెలాఖరు నిల్వ, వెనక్కి పంపినవి. ఏది కావాలో తెలియకపోతే అన్నీ ప్రింటు కొట్టి పంపేస్తాం. తర్వాత 'అది ఇవ్వలేదు' అని మాట పడకుండా ఉండటానికి. నీకు నలభై పేజీలు వచ్చింది అందుకే తమ్ముడూ.

పీడీఎఫ్ ఎందుకు పంపారో కూడా చెప్తాను. ఎక్సెల్ పంపితే ఎవరైనా అంకెలు మార్చి, ఇది స్టోర్స్ ఇచ్చిన లెక్కే అంటారేమోనని భయం. సంతకం పెట్టి స్కాన్ చేస్తే మాకు భద్రం. ఆడిట్లలో మాట పడ్డవారు ఎవరైనా ఇలాగే చేస్తారు. ఎక్సెల్ కావాలంటే 'సరిపోల్చడానికి మాత్రమే, సంతకం చేసిన ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి' అని ఒక్క వాక్యం రాయి. చాలా తేడా ఉంటుంది.

నెల మొదటి మూడు నాలుగు రోజులు మాకు నిల్వల లెక్కింపు ఉంటుంది. అప్పుడు వచ్చిన మెయిల్ చూసి పక్కన పెడతాం, తర్వాత మరిచిపోతాం. నువ్వు ఇప్పుడు అడిగితే సరైన సమయమే.

---

విశాఖ_ఖాతాలు · 7 ఆగస్టు, రాత్రి 8.45

అందరికీ ధన్యవాదాలు. గిడ్డంగి_తాళం గారూ, సంతకం విషయం నాకు అసలు తట్టనిది. ఈ ముసాయిదా చూడండి. జీఆర్ఎన్ అంటే సరుకు అందిందని స్టోర్స్ వారు వేసే రసీదు. ఆఫీసులో ఇంగ్లిషులోనే రాస్తాం, ఇక్కడ అందరికీ వీలుగా తెలుగులో పెడుతున్నాను.

> సార్, జులై నెల జీఎస్టీ క్రెడిట్ లెక్క సరిచూడటానికి, జులైలో జీఆర్ఎన్ అయిన బిల్లుల పట్టిక ఎక్సెల్‌లో కావాలి. బిల్లుకు ఒక వరుస చొప్పున సరఫరాదారు పేరు, బిల్లు నంబరు, జీఆర్ఎన్ తేదీ ఉంటే చాలు. 14వ తేదీ లోగా పంపగలరు.

---

గిడ్డంగి_తాళం · 7 ఆగస్టు, రాత్రి 9.30

ముందుకంటే ఎంతో మెరుగు. ఇప్పుడు కారణం రాశావు కాబట్టి ఒక మాట చెప్పగలుగుతున్నాను: నువ్వు అడుగుతున్న తేదీ నీ పనికి సరిపోదు.

సరుకు గేటు దాటిన తేదీ వేరు, జీఆర్ఎన్ తేదీ వేరు. లారీ లోపలికి రాగానే సెక్యూరిటీ వారు గేటు రిజిస్టరులో రాస్తారు. తర్వాత దించి, లెక్కపెట్టి, క్వాలిటీ వారు తనిఖీ చేశాకే మేము జీఆర్ఎన్ వేస్తాం. ప్లేట్లయితే రెండు మూడు రోజులు పడుతుంది, పరీక్షకు ముక్క పంపాల్సి వస్తే వారం. నీకు కావలసింది సరుకు అందిన తేదీ అయితే గేటు తేదీ అడగాలి. కారణం చెప్పకుండా జీఆర్ఎన్ తేదీ అడిగి ఉంటే అదే ఇచ్చి ఊరుకునేవాళ్లం, మాకు తప్పు కనిపించేది కాదు.

ఇంకొకటి, జులైలో జీఆర్ఎన్ అయినవే అడిగావు. జులై 31న వచ్చి ఆగస్టు 4న జీఆర్ఎన్ అయినది అందులో రానే రాదు.

---

పద్దుపుస్తకం · 7 ఆగస్టు, రాత్రి 10.50

గిడ్డంగి_తాళం గారు అసలు కీలకం పట్టుకున్నారు. మూడు బిల్లులు ఊహించుకుని చూద్దాం. మూడింటి మీదా జులై తేదీ ఉంది, మూడూ జులై 2బిలో ఉంటాయనుకుందాం.

మొదటిది స్టీలు ప్లేట్లు, పన్ను 72,000. గేటు దాటింది జులై 31, జీఆర్ఎన్ ఆగస్టు 4. రెండోది వెల్డింగ్ ఎలక్ట్రోడ్లు, పన్ను 27,000. గేటు ఆగస్టు 2, జీఆర్ఎన్ ఆగస్టు 5. మూడోది బోల్టులు, 300 పెట్టెలకు ఒకే బిల్లు, పన్ను 36,000. అందులో 200 పెట్టెలు జులై 28న వచ్చి 30న జీఆర్ఎన్ అయ్యాయి. మిగతా 100 ఆగస్టు 1న గేటు దాటి 4న జీఆర్ఎన్ అయ్యాయి.

నీ ముసాయిదా ప్రకారం అడిగితే పట్టికలో మొదటిది కనిపించదు. సరుకు జులైలోనే వచ్చినా 72,000 క్రెడిట్ వచ్చే నెలకు తోసేస్తావు, ఆ మేరకు నగదు కట్టాల్సి రావచ్చు. మూడోది మాత్రం జులై 30 తేదీతో దర్జాగా కనిపిస్తుంది. దాన్ని తీసేసుకుంటావు. అది తప్పు. ఒకే బిల్లు సరుకు విడతలుగా వస్తే చివరి విడత అందాకే క్రెడిట్ అని ఆ సెక్షన్ 16(2)లోనే ఉంది. అంటే ఒక చోట రావలసింది పోతుంది, ఇంకో చోట రాకూడనిది వస్తుంది. పట్టిక చూస్తే మాత్రం అంతా శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది.

కాబట్టి బిల్లుకు ఒక వరుస అని అడగకు. అందిన ప్రతి విడతకు ఒక వరుస అడుగు. బిల్లు మీద ఉన్న పరిమాణం ఒక కాలమ్, ఆ విడతలో వచ్చిన పరిమాణం ఒక కాలమ్, గేటు తేదీ, జీఆర్ఎన్ తేదీ. విడతలన్నీ కూడితే బిల్లు పరిమాణం రావాలి. రాకపోతే సరుకు ఇంకా బాకీ ఉందన్నమాట. కాలం కూడా జులైలో జీఆర్ఎన్ అయినవి అని కాకుండా, బిల్లు తేదీ జులైలో ఉన్నవి గానీ గేటు తేదీ జులైలో ఉన్నవి గానీ అని చెప్పు. జూన్ బిల్లుల సరుకు జులైలో వచ్చి ఉంటే ఆ క్రెడిట్ ఇప్పుడు తీసుకోవాలి కదా.

---

గోదావరి_గట్టు · 8 ఆగస్టు, ఉదయం 7.15

విడతల సంగతి నాకు ఇప్పుడే తెలిసింది, మంచి మాట చెప్పారు. అయితే మా ఆడిటర్ గారు గేటు తేదీ ఒప్పుకోరు. జీఆర్ఎన్ అయితేనే సరుకు అందినట్టు అంటారు. తనిఖీలో తిరస్కరిస్తే వెనక్కి పంపేదే కదా, దాన్ని అందినట్టు ఎలా అంటాం అని ఆయన వాదన.

---

పద్దుపుస్తకం · 8 ఆగస్టు, ఉదయం 9.05

ఆ వాదన నేనూ విన్నాను. చట్టంలో సరుకు అందడం అనే ఉంది, జీఆర్ఎన్ అన్న పేరు లేదు. తిరస్కరించిన సరుకుకు సరఫరాదారు క్రెడిట్ నోటు ఇస్తాడు, అప్పుడు ఆ మేరకు తగ్గుతుంది. నా మట్టుకు నేను గేటు తేదీనే చూస్తాను. కానీ జాగ్రత్త కోసం జీఆర్ఎన్ దాకా ఆగే ఆడిటర్లు చాలామంది ఉన్నారు, వారిని తప్పుపట్టను. దీన్ని స్టోర్స్ విభాగం తేల్చనక్కర్లేదు. రెండు తేదీలూ తెప్పించుకుని, ఏది వాడాలో అకౌంట్స్ విభాగం ఆడిటరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

---

వరంగల్_రికార్డులు · 8 ఆగస్టు, మధ్యాహ్నం 12.40

నాది వేరే రంగం, అయినా కొంత పోలిక ఉంది కాబట్టి రాస్తున్నాను. ఒక ఆసుపత్రిలో వైద్య రికార్డుల విభాగంలో ఉన్నాను. పడకలు ఎన్ని రోజులు నిండి ఉంటున్నాయో చూడటానికి ఒకసారి పరిపాలన విభాగం వారు 'డిశ్చార్జి వివరాలన్నీ' అని అడిగారు. ఎందుకో చెప్పలేదు. మా ఉద్యోగి రోగుల పేర్లు, ఫోను నంబర్లు, జబ్బు పేరుతో సహా మొత్తం ఫైలు పంపేశాడు. వారికి కావలసింది వార్డు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ మాత్రమే. పేర్లు ఒక్కటీ అక్కర్లేదు. ఆ ఫైలు ఎవరెవరి దగ్గరకు వెళ్లిందో వెతకడానికే మా మేడమ్ గారు చాలా శ్రమ పడ్డారు.

మీ దగ్గర రోగుల వివరాలు ఉండవు కానీ కొనుగోలు ధరలు ఉంటాయి. మీకు ధర అవసరం లేకపోతే అది వద్దని కూడా రాయండి. కొన్ని చోట్ల కొనుగోలు ధర బయటకు వెళ్లడం ఇష్టం ఉండదు, ఆ ఒక్క కాలమ్ కోసం ఫైలంతా ఆపేస్తారు.

---

విశాఖ_ఖాతాలు · 8 ఆగస్టు, రాత్రి 8.20

వరంగల్_రికార్డులు గారూ, మంచి సూచన. బిల్లు విలువ, పన్ను మాకు 2బిలోనే కనిపిస్తాయి, స్టోర్స్ నుంచి ధరలు అక్కర్లేదు.

ఇంకో ఇబ్బంది. పోయిన నెల స్టోర్స్ వారి బిల్లు నంబర్లు 2బితో చాలా చోట్ల కలవలేదు. ఒకే బిల్లు అక్కడ ఒక రకంగా, ఇక్కడ ఒక రకంగా ఉంది. ఎందుకలా?

---

గిడ్డంగి_తాళం · 8 ఆగస్టు, రాత్రి 9.15

రెండు కారణాలు. లారీతో పాటు బిల్లు రాకపోయినా డెలివరీ చలాన్ వస్తుంది. మా కుర్రవాడు ఆ చలాన్ నంబరునే బిల్లు నంబరు గడిలో కొట్టేస్తాడు, తర్వాత బిల్లు వచ్చినా మార్చడు. రెండోది, పొడవాటి నంబరు మొత్తం కొట్టే ఓపిక ఉండదు. ఎస్‌వీటీ/25-26/0451 అని ఉంటే 451 అని కొడతాడు. మా పనికి అది చాలు మరి. మీ పనికి చాలదని మాకు ఎవరూ చెప్పలేదు.

---

పద్దుపుస్తకం · 8 ఆగస్టు, రాత్రి 10.25

అందుకే సరఫరాదారు జీఎస్టీ నమోదు నంబరు, అంటే జీఎస్టీఐఎన్, అడగాలి. పేరు పది రకాలుగా రాస్తారు, ఆ 15 అక్షరాల నంబరు మాత్రం ఒకటే. అది ఉండి, 451 అన్న చివరి అంకెలు కలిస్తే చాలావరకు బిల్లు దొరుకుతుంది. చలాన్ నంబరుకు వేరే కాలమ్ పెట్టు, అప్పుడు బిల్లు గడిలో అది దూరదు.

ఎక్సెల్ చేసే చేటు ఇంకొకటి ఉంది. చిన్న సరఫరాదారులు 07/25 లాంటి నంబర్లు వేస్తారు. దాన్ని మామూలు గడిలో కొడితే Jul-25 అని తేదీగా మారిపోతుంది. నువ్వు తర్వాత ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే 45839 అన్న అంకె కనిపిస్తుంది, అసలు నంబరు తిరిగి రాదు. 000451లో ముందున్న సున్నాలు కూడా అలాగే ఎగిరిపోతాయి. ఈ-వే బిల్లు నంబరు 12 అంకెలు, అది 1.81E+11 లాగా కనిపిస్తుంది. ఆ స్థితిలోనే సీఎస్‌వీగా భద్రపరిస్తే మిగతా అంకెలు పోయినట్టే.

దీన్ని మెయిల్‌లో పాఠంలా చెబితే ఎవరూ చదవరు. నువ్వే ఖాళీ ఫైలు తయారుచేసి పంపు. శీర్షికలు పెట్టి, నంబర్ల కాలమ్‌లు ముందే టెక్స్ట్‌గా మార్చి, మొదటి రెండు వరుసల్లో నిజమైన పాత బిల్లులతో నమూనా నింపు. అందులో ఒకటి రెండు విడతలుగా వచ్చిన బిల్లు అయితే, వరుస అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. నమూనా చూసి నింపడం ఎవరికైనా తేలిక.

నంబర్లు నీ చేతికి వచ్చాక రెండు వైపులా ఇది వాడు, గీతలు, ఖాళీలు తీసేస్తుంది, తర్వాత పోల్చడం తేలిక:

```
=SUBSTITUTE(SUBSTITUTE(SUBSTITUTE(UPPER(C2),"/",""),"-","")," ","")
```

---

గోదావరి_గట్టు · 9 ఆగస్టు, ఉదయం 8.00

గడువు సంగతి ఎవరూ మాట్లాడలేదు. 14 అని రాశాడు. 14న 2బి వస్తుంది కాబట్టి అప్పటికి కావాలి, సరే. కానీ నా అనుభవంలో 14 అంటే 16 అవుతుంది. 10వ తేదీ అని అబద్ధమైనా చెప్పాలి, అప్పుడు 14కు వస్తుంది.

---

గిడ్డంగి_తాళం · 9 ఆగస్టు, ఉదయం 10.10

అలా చేయకండి గోదావరి_గట్టు గారూ. ఒకసారి 10 అని చెప్పి, 14 దాకా మీరు ఫైలు తెరవలేదని మాకు తెలిస్తే, ఆ తర్వాత మీరు చెప్పే ఏ తేదీనీ నమ్మం.

గడువు ఎందుకో చెప్పండి, అది చాలు. 13 సాయంత్రానికి కావాలని అడిగావనుకో, 14న సరిపోలుస్తాం, తర్వాత మూడు రోజులు సెలవు, 18న తేడాలు అడుగుతాం, 19న చెల్లింపు, 20న దాఖలు అని రెండు ముక్కలు రాయి. ఆ వరుస చూస్తే ఎక్కడ ఆలస్యమైతే ఏం ఆగిపోతుందో మాకే తెలుస్తుంది. మొత్తం తయారు కాకపోతే ముందు ఏది పంపాలో కూడా రాయి. నెలాఖరు వారం బిల్లులు ముందు పంపమంటే అవి అరపూట పని. జులై 5న వచ్చిన సరుకు గురించి నీకు అనుమానం ఉండదు కదా.

ఇంకొకటి, మెయిల్ మా మేనేజరుకు పంపు, స్టోర్‌కీపరుకు ప్రతి పెట్టు. మీ జనరల్ మేనేజరును మాత్రం మొదటి మెయిల్‌లోనే చేర్చకు. చేరిస్తే అది అడగడంలా ఉండదు, ఫిర్యాదులా ఉంటుంది.

---

గోదావరి_గట్టు · 9 ఆగస్టు, ఉదయం 10.40

అబద్ధం సంగతి ఒప్పుకుంటాను. పెద్దవారిని చేర్చే విషయంలో మాత్రం ఒప్పుకోను. మా దగ్గర పైవారి పేరు లేని మెయిల్ ఎవరూ తెరవరు. ఇది ఒక్కో సంస్థ వాతావరణాన్ని బట్టి ఉంటుంది.

---

విశాఖ_ఖాతాలు · 9 ఆగస్టు, రాత్రి 7.30

సోమవారం ఉదయం పంపబోయే మెయిల్ ఇది. మేనేజరు గారికి రాస్తున్నాను, స్టోర్‌కీపరుకు ప్రతి. పెద్దవారిని చేర్చలేదు. పంపాక ఒకసారి స్వయంగా వెళ్లి కలుస్తాను.

> విషయం: జులై బిల్లుల సరుకు అందిన తేదీలు – 13 ఆగస్టు, బుధవారం సాయంత్రం 5 లోగా
>
> సార్, నమస్కారం.
>
> సరఫరాదారుల బిల్లు మీద మనం కట్టిన జీఎస్టీని, సరుకు మన గేటు లోపలికి వచ్చాకే తగ్గించుకోగలం. జులై చివరి వారంలో వేసిన బిల్లుల్లో ఏవి జులైలో అందాయో, ఏవి ఆగస్టులో అందాయో మీ దగ్గరే తెలుస్తుంది. విడతలుగా వచ్చిన సరుకుకు చివరి విడత తేదీ చూడాలి.
>
> అందుకోసం, బిల్లు తేదీ గానీ గేటు తేదీ గానీ జులైలో ఉన్న సరుకుల వివరాలు జతచేసిన ఎక్సెల్ ఫైలులో నింపి పంపగలరు. అందిన ప్రతి విడతకు ఒక వరుస. కాలమ్‌లు: జీఎస్టీఐఎన్, బిల్లు నంబరు, చలాన్ నంబరు, బిల్లు పరిమాణం, ఈ విడతలో వచ్చిన పరిమాణం, గేటు తేదీ, జీఆర్ఎన్ తేదీ. రెండు వరుసలు నమూనాగా నింపాను. ధరలు, నిల్వ వివరాలు అవసరం లేదు. ఇది సరిపోల్చడానికి మాత్రమే, సంతకం చేసిన ప్రతి మీ దగ్గరే ఉంటే చాలు.
>
> 14న పోర్టల్ పట్టిక వస్తుంది. 15 నుంచి 17 వరకు సెలవులు. 18న తేడాలున్న బిల్లులు మాత్రం మళ్లీ మీకు చూపిస్తాను, 19న చెల్లింపు, 20న దాఖలు. అన్నీ 13కు వీలుకాకపోతే జులై 24 తర్వాతి బిల్లులు ముందు పంపితే పని ఆగదు, మిగతావి 14 మధ్యాహ్నం లోగా పంపవచ్చు.
>
> నేను అడిగినదాంట్లో మీ రికార్డులకు సరిపోనిది ఏదైనా ఉంటే చెప్పగలరు, ఫైలు మారుస్తాను.

---

వరంగల్_రికార్డులు · 9 ఆగస్టు, రాత్రి 8.05

చివరి వాక్యం తీయకండి. అది ఉంటేనే అవతలివారు నోరు విప్పుతారు.

---

పద్దుపుస్తకం · 9 ఆగస్టు, రాత్రి 9.40

బాగుంది. కొంచెం పొడవే, అయినా ఫర్వాలేదు, వచ్చే నెల నుంచి సగం చాలు. ఫైలు అదే, తేదీలే మారతాయి.

---

విశాఖ_ఖాతాలు · 18 ఆగస్టు, రాత్రి 8.50

ఏమైందో చెప్తాను. సోమవారం కలిసినప్పుడు మేనేజరు గారు ఫైలు చూసి ఒక ప్రశ్న వేశారు: మన గేటులోకి కాకుండా, నేరుగా జాబ్‌వర్కు చేసేవారి దగ్గర దించిన ప్లేట్ల సంగతి ఏమిటి? వాటికి మా గేటు రిజిస్టరులో తేదీయే ఉండదు. ఈ సంగతి మా విభాగంలో ఎవరికీ తట్టలేదు. ఆయనే వాటిని వేరే షీటులో పెట్టి, జాబ్‌వర్కు చేసేవారు సంతకం పెట్టిన చలాన్ తేదీలు రాయించి ఇచ్చారు.

13 సాయంత్రానికి చివరి వారం బిల్లులు వచ్చాయి, 14 ఉదయం మిగతావి. ఈ రోజు కొద్ది బిల్లులే మళ్లీ అడగాల్సి వచ్చింది, దాదాపు అన్నీ చలాన్ నంబరు బిల్లు గడిలో ఉన్నవే. విడతల్లో బాకీ ఉన్న బిల్లులు రెండు దొరికాయి.

ఇప్పుడు ఒక సందేహం. ఆగస్టులో సరుకు అందిన బిల్లులను, పోర్టల్‌లో బిల్లులను ఒప్పుకునే, తిరస్కరించే ఐఎంఎస్‌లో పెండింగ్‌లో పెట్టాలా? లేక 2బిలో ఉండనిచ్చి 3బి రిటర్నులో 4(బి)(2) దగ్గర తీసేసి, వచ్చే నెల మళ్లీ తీసుకోవాలా?

---

పద్దుపుస్తకం · 18 ఆగస్టు, రాత్రి 10.10

జాబ్‌వర్కు సంగతి నేనూ చెప్పి ఉండాల్సింది. మన మాట మీద నేరుగా వారి దగ్గర దించినా మనకు అందినట్టే, ఆ చలాన్లు జాగ్రత్తగా దాచు.

నేను 4(బి)(2) దారినే వాడతాను. తీసిందీ మళ్లీ తీసుకుందీ రెండూ రిటర్నులోనే కనిపిస్తాయి, ఏడాది చివర లెక్క చూపడం తేలిక.

---

గోదావరి_గట్టు · 19 ఆగస్టు, ఉదయం 7.20

మా ఆడిటర్ గారు పెండింగే మంచిదంటారు. 2బిలోకే రాదు కాబట్టి తీసేది, కలిపేది ఉండదు. అయితే 14 తర్వాత పెండింగ్‌లో పెడితే 2బిని మళ్లీ లెక్కవేయించాలి, అది మరిచిపోవద్దు.

---

గిడ్డంగి_తాళం · 19 ఆగస్టు, మధ్యాహ్నం 1.15

ఆ రెండింట్లో ఏది మేలో నాకు తెలియదు కానీ, తమ్ముడూ, ఆ ఖాళీ ఫైలు ఇక్కడ పెట్టగలవా? మా అకౌంట్స్ వారు ఇప్పటికీ 'స్టోర్స్ డేటా' అనే అడుగుతున్నారు. ఈసారి నేనే వారికి ఈ ఫైలు ఇచ్చి, ఇందులో అడగమంటాను.